బాధను ముందు చెప్పండి, ఉపాయాన్ని తర్వాత విప్పండి

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనూ, వాటికి దూరంగా ఉన్న చిన్న ఊళ్లలోనూ కొత్త యాప్‌లు తయారుచేస్తున్న తెలుగు స్టార్టప్ మిత్రులకు,



యాప్ ప్లే స్టోర్‌లోకి రాకముందే, వెయిట్‌లిస్ట్‌లో పేరు నమోదు చేసుకోమంటూ మీరు ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్ స్టేటస్‌లోనో నాలుగు వాక్యాలు పెడతారు. ఈ ఉత్తరం ఆ నాలుగు వాక్యాల గురించే. ప్రకటనలు రాయడం నా వృత్తి. అందుకే మీ టీజర్లు కంటబడితే దాటేసి పోలేను. వాటిలో చాలావరకు ఒకేలా ఉంటున్నాయి. నల్లటి నేపథ్యం, మధ్యలో సగం వెలిగిన లోగో, కింద 'ఏదో పెద్దది రాబోతోంది, సిద్ధంగా ఉండండి' అన్న మాట, చివర ఒక నిప్పు బొమ్మ. నెలల తరబడి నిద్ర మానుకుని కట్టిన యాప్‌కు ఆ మాట ఏ మేలూ చేయడం లేదు. అది చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఈ అలవాటు మనకు సినిమా నుంచి వచ్చింది. ఫస్ట్ లుక్, గ్లింప్స్, టీజర్, ట్రైలర్ అని వరుసగా విప్పుకుంటూ పోయే పద్ధతి తెలుగువాళ్లకు బాగా తెలుసు. చీకట్లో హీరో వీపు మాత్రమే చూపించి, కింద ఒక తేదీ వేస్తే చాలు, ఊరంతా మాట్లాడుకుంటుంది. ఎందుకంటే ఆ వీపు ఎవరిదో ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఆ హీరో పాత సినిమాలు తెలుసు, దర్శకుడు ఎలాంటి కథలు తీస్తాడో తెలుసు. ఇంత తెలుసు కాబట్టే తెలియని కొంచెం అతన్ని కుదురుగా ఉండనివ్వదు. మీ యాప్‌కు అలాంటి హీరో లేడు. దాని పేరు ఎవరూ వినలేదు, అది ఏ పనికి ఉపయోగపడుతుందో ఎవరికీ తెలియదు. అంతా దాచిపెడితే చూసేవాడి చేతికి పట్టు దొరకదు. వేలు పైకి జరుపుతాడు, ఇంకో వీడియో వస్తుంది.

ఆసక్తి ఎలా పుడుతుందన్న దాని మీద జార్జ్ లోవెన్‌స్టైన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1994లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. మనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకుంటున్నదానికీ మధ్య ఖాళీ ఉందని గమనించినప్పుడు ఆసక్తి పుడుతుందని ఆయన వాదన. ఇందులో టీజర్ రాసేవాళ్లు పట్టుకోవాల్సిన మాట 'గమనించినప్పుడు' అన్నదే. అసలేమీ తెలియనివాడికి ఖాళీ ఉన్నట్టు కూడా తెలియదు. ముందు కొంత చెప్పి ఆ ఖాళీ అంచు దాకా తీసుకెళ్లాలి. అప్పుడే అవతలి ఒడ్డు చూడాలనిపిస్తుంది. పూర్తిగా తెలిసిపోయినా అంతే, ఆసక్తి చల్లారిపోతుంది.

మరి ఏం చెప్పాలి, ఏం దాచాలి? నా అభిప్రాయం ఒక్కటే. మీ యాప్ ఎవరి ఏ ఇబ్బంది తీరుస్తుందో చెప్పండి. ఆ ఇబ్బంది తీరితే వాళ్ల రోజు ఎలా ఉంటుందో చెప్పండి. అది ఎలా తీరుస్తుందన్నది మాత్రం విడుదల దాకా మీ దగ్గరే ఉంచుకోండి.

దీనికి నాకు తెలిసిన అతి మంచి ఉదాహరణ అమెరికాలోని రాబిన్‌హుడ్. షేర్లు కొనుక్కునే యాప్ అది. 2013 చివర్లో, యాప్ ఇంకా జనం చేతికి రాకముందే, వ్లాద్ టెనెవ్, బైజు భట్ అనే ఇద్దరు వ్యవస్థాపకులు ఒక చిన్న పేజీ పెట్టారు. కమిషన్ లేకుండా షేర్లు కొనుక్కోవచ్చు, ప్రతి లావాదేవీకీ పది డాలర్ల దాకా కట్టడం ఇక ఆపండి అన్నది దాని సారాంశం. కింద ఈమెయిల్ రాసే గడి. మొదటి రోజే సుమారు పదివేల మంది పేర్లు ఇచ్చారు. యాప్ అందరికీ తెరుచుకునే నాటికి ఆ జాబితా పది లక్షలకు చేరువైంది.

ఆ మాటలో ఎంత చెప్పారో, ఎంత చెప్పలేదో చూడండి. ఎవరికో చెప్పారు: షేర్లు కొంటూ కమిషన్ కడుతున్నవాళ్లకు. ఎంత ఇబ్బందో చెప్పారు: పది డాలర్ల దాకా. ఫలితం చెప్పారు: సున్నా. తెర ఎలా ఉంటుందో, ఏ బటన్ ఎక్కడుంటుందో చెప్పలేదు. అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఒకటి చదివినవాడి బుర్రలో వదిలారు. కమిషన్ తీసుకోకపోతే వీళ్లు బతికేదెలా? ఆ ప్రశ్న తొలిచేస్తుంటే మనిషి ఊరుకోడు, పక్కవాడిని అడుగుతాడు. 

ఈ కథకు రెండో భాగం ఉంది. అది మీరు తప్పకుండా తెలుసుకోవాలి. ఖాతాదారుల ఆర్డర్లను పెద్ద ట్రేడింగ్ సంస్థలకు పంపించి, వాటి నుంచి డబ్బు తీసుకోవడం ఆ కంపెనీకి ముఖ్యమైన ఆదాయం. యాప్ నడుస్తున్న 2015 నుంచి 2018 దాకా ఆ సంగతిని ఖాతాదారులకు సరిగా చెప్పకుండా తప్పుదోవ పట్టించిందని అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2020 డిసెంబరులో అభియోగం మోపింది. తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా, కంపెనీ 6.5 కోట్ల డాలర్లు కట్టి ఆ వ్యవహారం ముగించుకుంది. టీజర్‌లో దాచినదానికి గడువు ఉంటుందని ఈ భాగం చెబుతోంది. విడుదల ముందు ఉపాయం దాచుకోవడం మీ హక్కు. డబ్బు ఎలా సంపాదిస్తారు, వాడేవాడి వివరాలతో ఏం చేస్తారు అన్నవి విడుదల రోజున కూడా దాచి ఉంచితే అది మోసం.

ఇక మన ఊరి విషయంలోకి వద్దాం. ఒక యాప్ ఊహించుకుందాం. ఇళ్లకు పాలు పోసేవాళ్లకూ పోయించుకునేవాళ్లకూ మధ్య నెలాఖరు లెక్క తేల్చే యాప్. వంటింటి క్యాలెండర్ మీద ఇంటావిడ గీతలు పెట్టుకుంటుంది, పాలాయన తన నోటు పుస్తకంలో రాసుకుంటాడు, ఒకటో తారీఖున రెండూ కలవవు. ఊరెళ్లినప్పుడు వద్దన్న రోజులు ఆయన పుస్తకంలో ఉండవు, అదనంగా పోయించుకున్న అర లీటరు ఈమె క్యాలెండర్‌లో ఉండదు. పాలాయన దగ్గర స్మార్ట్‌ఫోన్ లేకపోయినా పనిచేసేలా, పాలు పోయగానే ఆయన ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే ఆ ఇంటి లెక్కలో పడేలా ఈ యాప్ కట్టారనుకుందాం. మొదట విజయవాడలో 200 ఇళ్లతో మొదలు.

దీనికి 'మీ ఉదయాలు మారబోతున్నాయి' అని టీజర్ రాస్తే ఏమవుతుంది? కాఫీ పొడి అనుకునేవాళ్లు కొందరు, వ్యాయామం యాప్ అనుకునేవాళ్లు కొందరు. పాల లెక్కతో విసిగిన మనిషి ఆ మాట చదివి కూడా అది తన గురించేనని గుర్తుపట్టదు. నష్టం అక్కడే జరుగుతుంది. కావలసిన మనిషి కళ్లముందు నుంచే వెళ్లిపోతుంది.

రెండో తప్పు దీనికి పూర్తిగా వ్యతిరేకం. 'పాలాయన మిస్డ్ కాల్ ఇస్తే చాలు, పాల లెక్క దానంతట అదే నమోదవుతుంది, నెలాఖరున బిల్లు వస్తుంది, యూపీఐలో కట్టేయొచ్చు' అని మొత్తం చెప్పేయడం. ఇది చదివినావిడ వెంటనే తీర్పు ఇచ్చేస్తుంది. 'మా పాలాయన రోజూ మిస్డ్ కాల్ ఇస్తాడా? అయ్యే పని కాదు' అనుకుంటుంది. ఆ సందేహం న్యాయమైనదే. దానికి జవాబు వాడి చూస్తేనే దొరుకుతుంది. వాడి చూసే అవకాశం రాకముందే ఉపాయం చెప్పేస్తే, ఉపాయం కంటే ముందు అభ్యంతరం వచ్చి కూర్చుంటుంది. ఉపాయాన్ని దాచమనడానికి పోటీదారుల భయం కంటే ఇదే నాకు పెద్ద కారణంగా తోస్తుంది.

నేనైతే ఇలా రాస్తాను:

'ఈ నెల పాలు రాని రోజులెన్ని? క్యాలెండర్ ఒకటి చెబుతుంది, పాలాయన మరొకటి అంటారు.

ఒకటో తారీఖున ఇద్దరి దగ్గరా ఒకే లెక్క ఉండేలా ఒక యాప్ వస్తోంది. పాలాయన దగ్గర బటన్ ఫోన్ ఉన్నా చాలు. ఎలాగన్నది విడుదల రోజు చెబుతాం.

ప్రతి పాలాయననూ మేమే కలిసి నేర్పించాలి కాబట్టి మొదట విజయవాడలో 200 ఇళ్లకే. పేరు నమోదు చేసుకునే లింకు మా బయోలో ఉంది.'

ఇందులో 'బటన్ ఫోన్ ఉన్నా చాలు' అన్న వాక్యం ఎందుకు ఉందో చెప్పాలి. దాన్ని తీసేస్తే మిగిలేది మామూలు హామీ, లెక్కల యాప్‌లు అందరూ చేస్తారు. బటన్ ఫోన్‌తో యాప్ ఎలా పనిచేస్తుందన్నది నమ్మశక్యం కాని మాట. చదివినవాళ్లు అక్కడ ఆగుతారు. దాచిన ఉపాయానికి ఆనవాలు మాత్రం ఒకటి బయట పెట్టడమంటే ఇదే. ఆనవాలు ఒక్కటే ఉండాలి, అది నిజమై ఉండాలి. 'అంటాడు' అనకుండా 'అంటారు' అని రాయడానికి కూడా కారణం ఉంది. ఆ క్యాప్షన్‌ను పాలాయన కొడుకో కూతురో చదివి ఆయనకు వినిపిస్తారు. ఆయన చిన్నబుచ్చుకుంటే మీ యాప్‌కు సగం మనుషులు పోయినట్టే.

మొదటి వాక్యం మీద ఎక్కువ సమయం పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్ 2,200 అక్షరాల దాకా పట్టినా, ఫీడ్‌లో బయటికి కనిపించేది సుమారు మొదటి 125 మాత్రమే. మిగతాది తట్టి తెరిస్తేగాని రాదు. పైగా తెలుగులో లెక్క మన కంటికి కనిపించేట్టు ఉండదు. 'స్త్రీ' మనకు ఒకే అక్షరం, ఫోన్‌కు అది ఆరు. గుణింతం, ఒత్తు ప్రతిదీ విడిగా లెక్కకొస్తుంది. పై క్యాప్షన్‌లో మొదటి రెండు వాక్యాలూ ఖాళీలు, చుక్కలతో కలిపి 76. అందుకని తట్టకుండానే మొత్తం కనిపిస్తాయి, ఇబ్బంది మొత్తం అక్కడే చెప్పేసినట్టవుతుంది. అదే మాటను ఎస్సెమ్మెస్‌గా పంపాలంటే మాత్రం ఇరుకు. ఇంగ్లిష్ అక్షరాలకు ఒక సందేశంలో 160 పడితే తెలుగుకు 70 మాత్రమే పడతాయి. ఆరు అక్షరాలు ఎక్కువై అది రెండు సందేశాలవుతుంది, రెండింటి ఖర్చూ మీదే. మన దేశంలో వ్యాపార సందేశాల పాఠాన్ని టెలికం కంపెనీల డీఎల్‌టీ వేదికలో ముందే నమోదు చేయించాలి కాబట్టి, విడుదల ముందు రోజు రాత్రి కూర్చుని మార్చుకోవడం కుదరదు. క్యాప్షన్ రాసే రోజే ఎస్సెమ్మెస్ పాఠం కూడా రాసి పెట్టుకోండి.

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదన్న సంగతి చాలామంది మరచిపోతున్నారు. ఆ పొడవైన చిరునామాకు క్యాప్షన్‌లో చోటు ఇవ్వకండి, బయోలో పెట్టండి.

క్యాప్షన్ పెట్టాక అది పనిచేస్తోందో లేదో లైకులు చెప్పవు. స్నేహితులూ బంధువులూ మీమీద ప్రేమతో లైక్ కొడతారు. కామెంట్లు చదవండి, అందులోని ఊహలు చదవండి. ఒకరు పాలు, ఒకరు పెళ్లి సంబంధాలు, ఒకరు క్యాబ్ అని తలో దిక్కూ ఊహిస్తుంటే మీరు ఇబ్బందిని కూడా దాచేశారన్నమాట. ఎవరూ ఏమీ అడగకుండా 'ఆల్ ది బెస్ట్' అని వెళ్లిపోతుంటే మొత్తం చెప్పేశారు. అందరూ పాల లెక్క గురించే మాట్లాడుతూ, 'బటన్ ఫోన్‌తో ఎలా అవుతుందండీ' అని ఆ ఒక్క చోట వాదించుకుంటుంటే క్యాప్షన్ సరిగ్గా కుదిరింది. ఆ వాదనలో దిగి జవాబు చెప్పేయాలని మీకు చెయ్యి దురద పెడుతుంది. ఆపుకోండి. 'మీ పాలాయన దగ్గర ఏ ఫోన్ ఉందండీ?' అని ఎదురు అడగండి. మీకు కావలసిన సమాచారం ఆ జవాబుల్లోనే దొరుకుతుంది.

తర్వాత చూడాల్సింది మనుషులు ఎక్కడ జారిపోతున్నారన్నది. పోస్టు చాలామంది చూసి కూడా మీ ప్రొఫైల్‌కు రాకపోతే లోపం క్యాప్షన్‌ది. ప్రొఫైల్‌కు వచ్చి, లింకు నొక్కి, ఫారం చూసి వెనక్కి పోతుంటే లోపం ఫారంది. పేరు, ఊరు, వయసు, ఫోన్, ఈమెయిల్, ఇంట్లో ఎంతమంది అంటూ పది గడులు పెట్టిన ఫారాలు చూశాను. టీజర్ దశలో చేరేందుకు ఒక్క ఆధారం చాలు. పాల యాప్‌కు ఫోన్ నంబరు, దానితో పాటు ఏ పేటలో ఉంటారన్నది. పేట ఎందుకంటే 200 ఇళ్లు ఊరంతా చెల్లాచెదురుగా ఉంటే మీరు పాలాయనలందరినీ కలవలేరు. అవసరం లేని గడి ఒక్కటి కూడా వద్దు.

నంబరు తీసుకుంటున్నప్పుడు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని మనసులో పెట్టుకోండి. ఏ వివరం తీసుకుంటున్నారో, దేనికోసమో స్పష్టంగా చెప్పి అనుమతి అడగాలని, ఆ అభ్యర్థనను ఇంగ్లిష్‌లో గానీ ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గానీ చదువుకునే వీలు ఉండాలని అది చెబుతోంది. అందులో తెలుగు ఉంది. 'ఈ యాప్ గురించిన కబుర్లు పంపడానికి మాత్రమే మీ నంబరు వాడతాం' అని గడి కిందే తెలుగులో రాయండి, ఆ మాట మీద నిలబడండి. అదే జాబితాకు రేపు ఇంకో వ్యాపారం ప్రకటన పంపితే ఆ ఒప్పందం తెగిపోతుంది. క్యాప్షన్‌లో ఎంత రహస్యం నడిపినా ఈ గడి దగ్గర రహస్యం ఉండకూడదు.

నంబర్లు సేకరించే బాధ్యత మోయలేమనుకుంటే ప్లే స్టోర్‌లోనే ప్రీ-రిజిస్ట్రేషన్ పెట్టుకోవచ్చు, విడుదలైనప్పుడు గూగులే వాళ్లకు కబురు పంపుతుంది. దానికో షరతు ఉంది. మొదలుపెట్టిన 90 రోజుల్లోపు యాప్ విడుదల చేయాలి. కోడ్ ఇంకా సగంలో ఉంటే ఆ గడియారాన్ని మొదలుపెట్టకండి.

ఇప్పుడు '200 ఇళ్లకే' అన్న మాట దగ్గరకు వస్తాను. కొరత నిజమైతే చెప్పడంలో తప్పు లేదు. 2013 ఫిబ్రవరిలో ఐఫోన్‌కు మెయిల్‌బాక్స్ అనే యాప్ వచ్చింది. ఈమెయిళ్లను వేలితో పక్కకు జరిపి తేల్చేసే యాప్ అది. దాని సర్వర్లు అందరినీ ఒకేసారి మోయలేవు కాబట్టి, దింపుకున్నవాళ్లను వరుసలో నిలబెట్టి, మీ ముందు ఎంతమంది, మీ వెనుక ఎంతమంది అని తెర మీదే చూపించారు. ఆ వరుస లక్షల్లోకి వెళ్లింది. ముందున్న అంకె తగ్గుతూ కనిపించేది కాబట్టి జనం ఓపిక పట్టారు. మరుసటి నెలలోనే డ్రాప్‌బాక్స్ ఆ కంపెనీని కొనేసింది. కారణం నిజం, అంకె నిజం, కదలిక నిజం. ఈ మూడిట్లో ఒక్కటి అబద్ధమైనా వరుస నిలబడదు.

నిజమైన పరిమితి ఏదీ లేకుండా 'కొద్ది స్లాట్లే మిగిలాయి, త్వరపడండి' అని రాయడం మన దేశంలో మర్యాద లోపంతో ఆగే విషయం కాదు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో మొదటిదే లేని తొందరను, లేని కొరతను సృష్టించడం. పాల యాప్ క్యాప్షన్‌లో 200 అన్న అంకె పక్కనే దాని కారణం కూడా రాశాను చూశారా, పాలాయనలను స్వయంగా కలవాలి కాబట్టి అని. కారణం రాయలేకపోతే అంకె రాయకండి.

ఆఖరుగా, పేరు ఇచ్చినవాళ్లతో విడుదల దాకా మాట్లాడకుండా ఉండటం నాకు అన్నిటికంటే బాధ కలిగించే పని. మూడు నెలల తర్వాత హఠాత్తుగా లింకు వస్తే వాళ్లకు మీరెవరో గుర్తుండదు, దాన్ని మోసగాళ్ల సందేశమనుకుని తుడిచేస్తారు. మధ్యలో ఒకటో రెండో కబుర్లు చాలు. పాల యాప్ అయితే ప్రతి నెలా ఒకటో తారీఖున, లెక్క తేల్చే రోజునే పంపుతాను. 'ఈ నెల మీ లెక్కా పాలాయన లెక్కా కలిశాయా? ఎన్ని రోజుల తేడా వచ్చింది?' అని అడుగుతాను. అలాంటి కబురు వస్తుందని ఫారం దగ్గరే ముందుగా చెప్పి ఉంచుతాను. విడుదల రోజున మొదటి వాక్యంలోనే మిస్డ్ కాల్ సంగతి విప్పేస్తాను, ఆ వెంటనే యాప్‌కు డబ్బు ఎవరు కడతారో, ఎంత కడతారో చెబుతాను.

మీ తర్వాతి టీజర్ పెట్టేముందు, మీ యాప్ గురించి ఏమీ తెలియని ఒకరికి క్యాప్షన్ మొదటి వాక్యం మాత్రం చూపించి, ఇది ఎవరి కోసమో చెప్పమనండి. ఆ మనిషి ఫలానావాళ్లకోసమని చెప్పగలిగి, 'కానీ ఎలా?' అని మిమ్మల్నే తిరిగి అడిగితే పోస్టు చేయండి. లేకపోతే ఆ పూట ఆపి, మొదటి వాక్యం మళ్లీ రాయండి.

ఇట్లు,
ప్రకటనలు రాసే మీ మిత్రుడు